మంచి ఇటుక ముందే ఎందుకు పగిలింది?

ప్రశ్న: బుడితి దగ్గర మాది చిన్న ఇత్తడి పోత షెడ్డు సార్. డీజిల్ బర్నర్‌తో గుంట కొలిమి, లోపలి వ్యాసం 450 మి.మీ., ఇటుక గోడ 115 మి.మీ. మామూలు ఫైర్‌క్లే ఇటుక ఆరు నెలలు వచ్చింది. ఈసారి మంచిదని 90 శాతం అల్యూమినా ఇటుక వేస్తే రెండు నెలలకే పెచ్చులు ఊడుతున్నాయి. బయటి ఉక్కు షెల్లుకీ ఇటుకకీ మధ్య సందులో కూడా మోర్టార్ గట్టిగా నింపాం. పొద్దున్న వెలిగిస్తే 20 నిమిషాల్లో ఎర్రబడుతుంది. మధ్యాహ్నం పని అయ్యాక తొందరగా చల్లారాలని డీజిల్ ఆపేసి బ్లోయర్ అలాగే ఉంచుతాం. ఇనుము పగలదు కదా, లోపల ఎస్ఎస్ 310 రేకు చుట్టేస్తే సరిపోతుందా?

జవాబు:

రేకు వద్దు. మీ ఇటుకను పాడుచేస్తున్నది మంట కాదు, మధ్యాహ్నం మీరు వదిలేసే ఆ బ్లోయర్ గాలి. దానికి తోడు సందులో నింపిన మోర్టార్. ఇటుక మార్చడం మూడో పని. విజయనగరం జిల్లాలో ఫెర్రో అల్లాయ్స్ ఫర్నేసులకీ లేడిల్స్‌కీ లైనింగ్ కట్టే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను కాబట్టి ఎందుకో కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఊడిన పెచ్చు ఒకటి చేతిలోకి తీసుకుని దాని మందం కొలవండి. నా అంచనా 20 నుంచి 30 మి.మీ. మధ్య ఉంటుంది, వెనక వైపు కొత్తగా విరిగినట్టు శుభ్రంగా ఉంటుంది. అలా ఉంటే అది థర్మల్ షాక్ పెచ్చే, అంటే తొందరగా వేడెక్కడం, చల్లారడం వల్ల తగిలిన దెబ్బకు ఊడింది. ముందు వైపు ఒక పొర గాజులా మెరుస్తూ రంగు మారి, సరిగ్గా ఆ రంగు ఆగిన చోటే ఊడి ఉంటే మాత్రం కథ వేరు. అప్పుడు బూడిదో తెట్టో ఇటుకలోకి ఇంకి, ఆ పొర గుణం మారిపోయి ఊడిందన్నమాట. మూసలో కరిగించే ఇత్తడి కొలిమికి ఆ రెండో రకం అంతగా రాదు.

ఆ 20-30 మి.మీ. ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే సగం విషయం అర్థమైనట్టే. ఫైర్‌క్లే ఇటుక ఉష్ణవాహకత మీటరుకు డిగ్రీకి సుమారు 1.3 వాట్లు. మామూలు ఉక్కుది 50 దాకా ఉంటుంది. అయితే వేడి ఎంత దూరం ఎంత సేపట్లో చేరుతుందన్నది వాహకత ఒక్కదాని మీద ఆధారపడదు, ఆ పదార్థం ఎంత వేడిని తాగుతుందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. రెండూ కలిపి చూస్తే వేడి ఉక్కులో ఇటుకలో కంటే 20 రెట్లు చురుగ్గా పాకుతుంది. సుమారు లెక్కన, ఇటుకలో 25 మి.మీ. లోతుకు వేడి చేరడానికి 17 నిమిషాలు పడుతుంది. అదే 17 నిమిషాల్లో ఉక్కులో 115 మి.మీ. దాటిపోతుంది. లోతు రెట్టింపైతే సమయం నాలుగు రెట్లవుతుంది కాబట్టి ఇటుకలో 50 మి.మీ. చేరడానికి గంట పైనే కావాలి.

ఇప్పుడు మీ పొద్దుటి పని చూడండి. 20 నిమిషాల్లో లోపలి ముఖం ఎర్రబడింది. అప్పటికి రెండంగుళాల లోపల ఉన్న ఇటుకకు ఆ సంగతే తెలియదు. ముందు పొర వ్యాకోచిస్తానంటుంది, వెనక ఉన్నది కదలనివ్వదు. ఆ లాగులాట జరిగేది వేడి చేరిన చోటికీ చేరని చోటికీ సరిహద్దులో, అంటే ముఖం నుంచి ఓ అంగుళం లోతులో. పెచ్చు అక్కడే తెగుతుంది. అందుకే దాని మందం చూసి ఎంత తొందరపడి కాల్చారో, ఎంత తొందరపడి చల్లార్చారో చెప్పేయవచ్చు. నిదానంగా కాల్చే కొలిమిలో ఇంత పల్చటి పెచ్చు ఊడదు.

ఇక "ఇనుము పగలదు కదా" అన్న మాట. పగలదు, నిజమే. కానీ దాని మీద ఒత్తిడి తక్కువని కాదు. కదలకుండా బిగించిన వస్తువును వేడి చేస్తే అందులో పుట్టే ఒత్తిడికి ఒక చిన్న సూత్రం ఉంది:

σ = E × α × ΔT

E అంటే ఆ పదార్థం సాగకుండా ఎంత మొండికేస్తుందన్నది, α అంటే డిగ్రీకి ఎంత వ్యాకోచిస్తుందన్నది, ΔT వేడి తేడా. మామూలు ఉక్కు డిగ్రీకి మీటరుకు 12 మైక్రాన్లు పెరుగుతుంది, ఫైర్‌క్లే ఇటుక ఐదున్నర. మొండితనంలో ఉక్కు ఇటుకకు పది రెట్లు. 100 డిగ్రీల తేడాకు లెక్క వేస్తే ఉక్కులో 240 మెగాపాస్కల్స్, ఇటుకలో 11 వస్తుంది. అంటే ఇటుక కంటే ఉక్కే ఇరవై రెట్లు ఎక్కువ ఒత్తిడి మోస్తోంది!

అయినా ఉక్కు ఎందుకు బతుకుతుంది? 240-250 దగ్గర మామూలు ఉక్కు విరగదు, లొంగిపోతుంది. కాస్త సాగి ఆ ఒత్తిడిని దింపేసుకుంటుంది. అది తెగాలంటే 20 శాతం దాకా సాగాలి. ఇటుక వెయ్యో వంతు కూడా సాగదు, వంచితే 5 నుంచి 8 మెగాపాస్కల్స్‌కే విరిగిపోతుంది. మన ఇళ్లలో చెప్పాలంటే ఇత్తడి బిందె కింద పడితే సొట్ట పడుతుంది, జాడీ పడితే రెండు ముక్కలవుతుంది. వేడి దెబ్బ కూడా అంతే. ఇనుముకు తగిలితే సొట్ట, సిరామిక్‌కు తగిలితే పగులు. పైగా ఉక్కులో వేడి తొందరగా సర్దుకుంటుంది కాబట్టి అంత పెద్ద ΔT దానిలో నిలవదు.

మీ రేకుకు పడబోయేది ఆ సొట్టే. 310 గ్రేడు వేడెక్కే కొద్దీ మామూలు ఉక్కు కంటే ఎక్కువ పెరుగుతుంది, వెయ్యి డిగ్రీల దాకా సగటున 18 మైక్రాన్లు వేసుకోండి. 450 వ్యాసం ఉన్న రేకు గొట్టం 1,000 డిగ్రీలు ఎక్కితే వ్యాసం 8 మి.మీ. పెరుగుతుంది. చుట్టూ ఉన్న ఫైర్‌క్లే ముఖం పెరిగేది రెండున్నర మి.మీ. మిగతా ఐదున్నర ఎక్కడికి పోతుంది? గొట్టానికి రెండే దారులు. ఇటుకను వెనక్కి తోసి పగలగొట్టడం, లేదా తానే లోపలికి ముడుచుకోవడం. ఆ వేడిలో స్టెయిన్‌లెస్‌కు బలం ఏమీ మిగలదు కాబట్టి మామూలుగా ముడుచుకుంటుంది. చల్లారాక ఆ ముడత తిరిగి సాపు కాదు, మర్నాడు దాని మీదే ఇంకో ముడత.

ఇది నేను కళ్లారా చూసిందే. ఒకచోట హీట్ ట్రీట్‌మెంట్ ఫర్నేసు తలుపుకు లోపల ఇటుక రాలిపోతోందని 310 ప్లేటు వెల్డింగ్ చేయించారు. వద్దన్నవాళ్లలో నేనూ ఉన్నాను, అయినా సంతకం పెట్టాను. నెల తిరిగేసరికి ప్లేటు నూనెలో వేసిన అప్పడంలా వంకర తిరిగింది, తలుపు మూతపడలేదు. రాత్రి ఫర్నేసు చల్లారుతుంటే పక్కన నిలబడితే చిటపటమని చప్పుడు వినబడేది. నల్లటి పొలుసులు గాల్లోకి ఎగిరి నేల మీద పడేవి. 

ఆ పొలుసుల సంగతి చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నకు అసలు జవాబు అందులోనే ఉంది. స్టెయిన్‌లెస్‌ను వేడిలో కాపాడేది దాని మీద ఏర్పడే క్రోమియం ఆక్సైడ్ పొర. ఆ పొర సిరామిక్. దాని వ్యాకోచం కింద ఉన్న లోహంలో సగం కూడా ఉండదు. చల్లారినప్పుడు లోహం ఎక్కువ కుంచించుకుపోతుంది, పొర అంతగా కుంచించుకోలేక చిట్లి ఎగిరిపోతుంది. మళ్లీ వేడి చేస్తే కొత్త లోహం కాలి కొత్త పొర పుడుతుంది. రేకు అలా అలా పలచబడిపోతుంది. అందుకే 310 గ్రేడును ఆపకుండా ఒకే వేడిలో ఉంచితే 1,150 డిగ్రీల దాకా వాడవచ్చంటారు, రోజూ ఎక్కించి దించేట్టయితే 1,035 దగ్గరే ఆగమంటారు. చదివేవాళ్లకు తిరగేసి రాశారా అనిపిస్తుంది. కాదు, కారణం ఇదే. మీది రోజూ ఎక్కి దిగే కొలిమి. ఇత్తడికి పోత వేడి 1,050 ప్రాంతం అనుకున్నా మంట తగిలే గోడ దానికి పైనే ఉంటుంది. మూస ఎప్పుడైనా చిట్లి ఇత్తడి కారితే ఇంకో ప్రమాదం ఉంది. కరిగిన జింకు ఈ జాతి స్టెయిన్‌లెస్‌ను పెళుసుబారుస్తుంది.

పోనీ రేకు అడ్డుంటే ఇటుకకు వేడి తగ్గుతుందా అంటే, అదీ లేదు. 310 వాహకత ఆ వేడిలో 25 దాకా ఉంటుంది. మీ గోడలోంచి చదరపు మీటరుకు 7 కిలోవాట్ల వేడి బయటికి పోతోందనుకుంటే, ఇటుకకు ఆనుకుని ఉన్న 3 మి.మీ. రేకుకు అటూ ఇటూ వేడి తేడా ఒక డిగ్రీ కూడా రాదు. అంత డబ్బు పోసి ఒక డిగ్రీ కొనుక్కోవడం దేనికి?

లోహంతో లైనింగ్ అసలు ఉండదా అంటే ఉంటుంది. బ్లాస్ట్ ఫర్నేసుల్లో గోడకు రాగి స్టేవ్‌లు, అంటే గోడను చల్లబరిచే పలకలు పెడతారు. రాగి 1,085 డిగ్రీలకే కరిగిపోయే లోహం. అది అక్కడ ఎలా నిలుస్తుందంటే, దాని వెనక నీళ్లు పారుతుంటాయి, రాగి వాహకత 390 కాబట్టి తగిలిన వేడిని తగిలినట్టే నీళ్లకు అప్పజెప్పేస్తుంది. ముందు వైపు తెట్టు గడ్డకట్టి తానే ఒక సిరామిక్ పొర అవుతుంది. అంటే లోహం వేడిని మోయడం లేదు, తప్పించుకుంటోంది. నీళ్లు లేకుండా లోహాన్ని మంట ముందు నిలబెడితే దాని వాహకత మనకు ఉపకారం కాదు, అపకారం. మీ కొలిమికి కావలసింది వేడిని లోపలే ఉంచే గోడ.

సరే, 90 శాతం అల్యూమినా ఎందుకు ముందే పోయింది? ఇక్కడే చాలామంది పొరబడతారు. అల్యూమినా శాతం ఎక్కువుంటే ఇటుక ఎక్కువ వేడికి ఆగుతుంది, గట్టిగా ఉంటుంది. వేడి దెబ్బకు ఆగుతుందని కాదు. ఫైర్‌క్లేకు ఐదున్నర మైక్రాన్లయితే దీనికి 8. మొండితనం కూడా ఎక్కువ. సూత్రంలో E, α రెండూ పెరిగాయి కాబట్టి అదే బ్లోయర్ గాలికి ఒత్తిడి రెట్టింపు దాటిపోతుంది. దీని బలం కూడా ఎక్కువే, వాహకత కూడా కాస్త మెరుగే, కానీ అవి ఆ నష్టాన్ని పూడ్చవు.

దీనికి ఇంకో మెలిక ఉంది. ఆవకాయ జాడీ కడుగుదామని మరిగే నీళ్లు పోస్తే టప్‌మని నిలువునా చీలుతుంది. మట్టి దాకను మాత్రం రోజూ కట్టెల పొయ్యి మీద పెట్టి చేపల పులుసు కాస్తారు, ఏళ్లు వస్తుంది. రెండిట్లో గట్టిది జాడీనే. కుమ్మరి మట్టిలో ఇసుక కలిపి తొక్కుతాడు కదా, ఆ గింజల చుట్టూ కంటికి కనబడని పగుళ్లు ముందే ఉంటాయి. కొత్త పగులు పుట్టి పరుగెత్తబోతే ఓ పాత పగులులో పడి ఆగిపోతుంది. జాడీ నున్నగా, బిగుతుగా ఉంటుంది. అందులో పగులు పుట్టడం కష్టం, పుట్టిందంటే ఆపేది ఏదీ లేదు. గట్టి పదార్థంలో ముందుగా ఎక్కువ ఒత్తిడి నిలవ ఉంటుంది కూడా, పగులు మొదలయ్యాక ఆ నిలవంతా దాన్ని ముందుకు తోస్తుంది. ఫైర్‌క్లే ఇటుకలో కాల్చి పొడిచేసిన మట్టి గింజలు ఉంటాయి, దాన్ని గ్రాగ్ అంటాం. అది దాక లాంటిది. బీటలు వారుతూనే ఆరు నెలలు నిలబడింది. మీరు దాక తీసి జాడీ పెట్టారు.

మీ షెడ్డులోనే ఇంకో సాక్ష్యం ఉంది. గ్రాఫైట్ మూసను 1,100 డిగ్రీల కొలిమిలోంచి పటకారుతో ఎత్తి గాల్లో పెడుతున్నారు, రోజుకు ఎన్నోసార్లు. అది పగలడం లేదు. అదీ సిరామిక్కే. దానిలో గ్రాఫైట్, చాలాసార్లు సిలికాన్ కార్బైడ్ కూడా ఉంటాయి. సిలికాన్ కార్బైడ్ వ్యాకోచం నాలుగున్నర మైక్రాన్లే, వాహకత ఫైర్‌క్లేకు పది రెట్ల పైన. పెరిగేది తక్కువ, వేడి సర్దుకునేది ఎక్కువ. అలాంటిదానితో గోడ మొత్తం కట్టేస్తే పగలదు గానీ డీజిల్ ఖర్చు భరించలేరు, వేడంతా షెల్లుకు పోతుంది. ఒక్కో పనికి ఒక్కో గుణం కావాలి. మూస వేడిని లోపలికి రానివ్వాలి, గోడ బయటికి పోనివ్వకూడదు.

ఇప్పుడు బ్లోయర్ దగ్గరికి వస్తాను. సిరామిక్ నొక్కితే బాగా ఆగుతుంది, లాగితే ఆగదు. నొక్కుడు బలం లాగుడు బలానికి ఎన్నో రెట్లు ఉంటుంది. వేడి చేసేటప్పుడు ముందు పొర పెరగాలనుకుంటే వెనకది నొక్కి పట్టుకుంటుంది. అంటే ముఖం నొక్కుడులో ఉంటుంది, కాస్త ఓర్చుకుంటుంది. చల్లార్చేటప్పుడు తిరగబడుతుంది. ముఖం చల్లబడి కుంచించుకోవాలనుకుంటుంది, వెనక ఇంకా కణకణలాడుతూ ఉంటుంది కాబట్టి దాన్ని లాగి పట్టుకుంటుంది. బలహీనమైన లాగుడు సరిగ్గా ముఖం మీదే పడుతుంది. అందుకే అంతే డిగ్రీల తేడా అయినా చల్లార్పు దెబ్బ వేడి దెబ్బ కంటే చెడ్డది. డీజిల్ ఆపాక బ్లోయర్ కొట్టేది 30-35 డిగ్రీల గాలి, గోడ వెయ్యి పైన. మీరు రోజూ మధ్యాహ్నం మీ ఇటుక మీద ఆ ప్రయోగం చేస్తున్నారు. పొద్దున్న వెలిగించినప్పుడు ఆ పగుళ్లు బిగుసుకుని, పొర వెనక నుంచి విడిపోయి, కొన్నాళ్లకు పెచ్చై కింద పడుతుంది.

కాబట్టి ఇవాళే చేయగలిగింది, పైసా ఖర్చు లేనిది: డీజిల్ ఆపగానే బ్లోయర్ ఆపండి. మూత మూసేయండి, బర్నర్ నోటికి ఒక ఇటుకముక్క అడ్డం పెట్టండి, పొగ దారి కూడా మూయండి. లేకపోతే పొగ గొట్టమే గాలిని లాగుతుంది. బ్లోయర్ ఆపితే బర్నర్ మూతి కాలిపోతుందని మీ కుర్రాళ్లు అంటారు. దానికి బర్నర్‌ను వెనక్కి లాగే ఏర్పాటు చేసుకోండి, ఇటుకను బలిపెట్టకండి. పొద్దున్న మొదటి 30-40 నిమిషాలు చిన్న మంట, మూస లోపల పెట్టి, మూత ఓరగా ఉంచి. ముఖం చీకట్లో చూస్తే లీలగా ఎర్రగా కనబడే దాకా ఆగి, తర్వాత పెంచండి. అరగంట పోయిందనిపిస్తుంది గానీ రాత్రంతా మూసి ఉంచిన కొలిమి పొద్దున్నకు ఇంకా వెచ్చగానే ఉంటుంది, అందులో కొంత తిరిగొస్తుంది.

రెండోది ఆ సందు. షెల్లు ఉక్కు కదా, ఇటుక కంటే రెట్టింపు వ్యాకోచిస్తుంది, కాబట్టి లోపల ఇటుకకు చోటు అదే ఇస్తుందిలే అని మేస్త్రీలు అంటుంటారు. పుస్తకంలో అంకె నిజమే, కొలిమిలో కాదు. షెల్లు 100 డిగ్రీల దగ్గరుంటుంది, ఇటుక ముఖం 1,100 దగ్గర. మీ షెల్లు లోపలి వ్యాసం 740 మి.మీ. అనుకుంటున్నాను. గోడ పోగా 30 మి.మీ. సందు మిగలాలి, అదేగా మీరు నింపింది. దాని చుట్టుకొలత 70 డిగ్రీలు పెరిగితే 2 మి.మీ. పెరుగుతుంది. లోపల ఇటుక ముఖం చుట్టుకొలత 1,413 మి.మీ. 90 శాతం అల్యూమినాతో అది 12 మి.మీ. పైగా పెరుగుతుంది. ఫైర్‌క్లే అయినా 8 దాటుతుంది. అంటే వ్యాసం 3-4 మి.మీ. పెరగాలి, అటు రెండు ఇటు రెండు. వెనక మోర్టార్ రాయిలా ఉంటే ఆ రెండు మి.మీ. ఎక్కడికీ పోలేవు. ఇటుకలు ఒకదాన్నొకటి నొక్కుకుని అంచులు చిట్లుతాయి. మీ గోడలో పెచ్చులు ఇటుక మధ్యలో ఊడుతున్నాయా, జాయింట్ల పక్కన మూలలు చిట్లుతున్నాయా చూడండి. మూలలైతే ఇదే కారణం. నాకు అనుమానం మీకు రెండూ ఉన్నాయని.

ఇదే తప్పు చిన్న ఎత్తున ఇంకోలా జరుగుతుంది. కొలిమి చల్లగా ఉన్నప్పుడు గోడలో నిలువు బీట కనబడుతుంది, వేలిగోరు దూరేంత. చూడలేక మోర్టార్ పూసి నింపేస్తారు. ఆ బీట వేడెక్కితే తనంత తానే మూసుకునేది. చుట్టుకొలత పెరగడానికి ఇటుక తనకు తాను తెచ్చుకున్న చోటు అది. దాన్ని నింపితే మర్నాడు పక్కన ఇంకో బీట పుడుతుంది. నిలువు బీటలను వదిలేయండి. ముఖానికి సమాంతరంగా, లోపల డొల్ల పడ్డ చోట్లకే భయపడాలి. చిన్న సుత్తితో తట్టండి. ఖంగుమంటే బాగున్నట్టు, డబడబమంటే పొర విడిపోయినట్టు.

మళ్లీ కట్టేటప్పుడు ఆ 30 మి.మీ. సందులో మోర్టార్ బదులు 25 మి.మీ. సిరామిక్ ఫైబర్ బ్లాంకెట్ పెట్టండి, 1,260 గ్రేడు, 128 డెన్సిటీ చాలు. ఇటుక రెండు మి.మీ. వెనక్కి జరిగితే అది దిండులా నొక్కుకుంటుంది. పైన మూత రింగు కింద కూడా 5 మి.మీ. వదిలి అదే బ్లాంకెట్ ముక్క పెట్టండి, గోడ ఎత్తు కూడా పెరుగుతుంది. బ్లాంకెట్ వల్ల వచ్చే అసలు లాభం వేరే. దాని వాహకత 0.1 ప్రాంతం. 25 మి.మీ. బ్లాంకెట్ 115 మి.మీ. ఇటుకకు దాదాపు మూడు రెట్లు వేడిని ఆపుతుంది. కొలిమి గంటల తరబడి నిలకడగా నడిచినప్పుడు పాత గోడలో ఇటుక ముందు ముఖానికీ వెనక ముఖానికీ తేడా 600 డిగ్రీల దాకా ఉంటే, కొత్తదానిలో 200 ప్రాంతానికి దిగుతుంది. ఇటుక మొత్తం ఇంచుమించు ఒకే వేడిలో ఉంటే లాగులాటే తక్కువ. ఒక జాగ్రత్త: ఇటుక వెనక భాగం కూడా ఇప్పుడు 800 దాటుతుంది, కాబట్టి నాసిరకం ఇటుక వేయడానికి వీల్లేదు. గుండ్రంగా తిరిగే టేపర్ ఇటుకలే వాడాలి, వెనక మెత్తగా ఉంటే నలుచదరపు ఇటుకల గోడ నిలవదు. ఫైబర్ కోసేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోండి, ఆ నూగు ఊపిరితిత్తులకు మంచిది కాదు.

"అలాగైతే గోడ మొత్తం ఫైబర్‌తోనే కట్టేస్తే?" అని తర్వాతి ప్రశ్న వస్తుంది, తెలుసు. ఫైబర్‌కు థర్మల్ షాక్ అన్నదే లేదు, దారాలు వంగుతాయి గానీ పగలవు. కానీ డీజిల్ మంట జోరుకు అరిగిపోతుంది, మూస చిట్లి ఇత్తడి కారితే ఆపలేదు. గోడకు వద్దు. మూతకు మాత్రం అదే సరైనది. అస్తమానం తెరిచి మూసే మూతే అందరికంటే ఎక్కువ దెబ్బలు తింటుంది, పైగా అక్కడ మంట నేరుగా తగలదు. మూతలో ఫైబర్‌ను పట్టుకోవడానికి ఎస్ఎస్ యాంకర్లు వాడతారు. లోహానికి మీ కొలిమిలో చోటు అక్కడే, అది కూడా వెనక చల్లటి వైపు. ఫైబర్ బదులు సిమెంటులా కలిపి పోసే కాస్టబుల్‌తో మూత చేస్తే యాంకర్ల కొసలకు తారు పూసి లేదా ప్లాస్టిక్ టోపీ పెట్టి పోయండి. మొదటిసారి కాల్చినప్పుడు అది కాలిపోయి, కాస్టబుల్ కంటే రెట్టింపు, మూడు రెట్లు పెరిగే స్టీలుకు ఆ కాస్త చోటు మిగులుతుంది. తారు పూయని యాంకరు తన చుట్టూ నక్షత్రంలా బీటలు తెస్తుంది, అలాంటి మూతలు ఎన్ని చూశానో!

ఇటుక విషయానికొస్తే, ఇత్తడి వేడికి 90 శాతం అవసరమే లేదు. అది ఇంకా పై వేడికీ, బలంగా కోసే తెట్టుకీ. మీకు మంచి ఫైర్‌క్లే చాలు. ఖర్చు పెట్టగలిగితే అండలుసైట్ లేదా ముల్లైట్ అనే ఖనిజాల ఆధారంగా చేసిన 60 శాతం అల్యూమినా ఇటుక తీసుకోండి. ముల్లైట్ వ్యాకోచం ఐదు మైక్రాన్ల పైచిలుకు, ఇంచుమించు ఫైర్‌క్లేకు సమానం, వేడికి దానికంటే బాగా ఆగుతుంది. డీలర్‌ను అల్యూమినా శాతం ఎంత అని అడగొద్దు. టెస్ట్ సర్టిఫికెట్‌లో స్పాలింగ్ రెసిస్టెన్స్ ఎన్ని సైకిల్సో చూపించమనండి. కాల్చి చల్లార్చి, మళ్లీ కాల్చి, ఎన్నోసారికి విరిగిందో లెక్కపెట్టిన అంకె అది, మీ కొలిమి రోజూ చేసే పని అదే. ఆ అంకె చెప్పలేని డీలర్ దగ్గర కొనొద్దు.

కొత్త గోడ కట్టాక వెంటనే బర్నర్ పెట్టకండి, మోర్టార్‌లో నీళ్లుంటాయి. ఒక రాత్రి బొగ్గు కుంపటి వెచ్చదనంలో ఉంచి, మర్నాడు చిన్న మంటతో గంటకు 50 డిగ్రీల చొప్పున 600 దాకా తీసుకెళ్లి, తర్వాత మామూలుగా పెంచండి. వానాకాలంలో వారం రోజులు మూతపడ్డ కొలిమికి కూడా ముందు ఆరబెట్టుడు ఉండాలి. తడి ఇటుకలో ఆవిరి పుట్టి పేలితే అది కూడా పెచ్చులాగే ఊడుతుంది, కాకపోతే మొదటి గంటలోనే, చప్పుడుతో ఊడుతుంది. ఆ తేడా గుర్తుపెట్టుకుంటే దేన్ని తిట్టాలో తెలుస్తుంది.

విప్పినప్పుడు వచ్చే 90 శాతం ఇటుకల్లో బాగున్నవి పారేయకండి. వాటిని అడుగున, మూస కూర్చునే దిమ్మకు వాడండి. అక్కడ బ్లోయర్ గాలి నేరుగా తగలదు, వేడి ఎక్కడం దిగడం నెమ్మది, బరువు మోయాలి, కారిన ఇత్తడిని ఓర్చుకోవాలి. దాని గట్టితనం పనికొచ్చేది ఆ చోటే. బర్నర్ నోటి చుట్టూ మాత్రం వాటిని పెట్టొద్దు.